ఓవర్‌హెడ్ ట్యాంకు, పైపులైన్ల హైడ్రాలిక్ డిజైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామీణ నీటి పథకాల డిజైన్ నోటు తొలిసారి రాస్తున్న యువ ఇంజినీర్లు, ఆ నోటును చదివి ప్రశ్నించాలనుకునే పంచాయతీ సభ్యులు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ చేర్చాను. విడివిడి సూత్రాలకంటే ఒకే ఊరిని పట్టుకుని చివరిదాకా లెక్క చేస్తే విషయం బాగా అర్థమవుతుంది. అందుకే అన్ని జవాబులకూ ఒకే నమూనా గ్రామాన్ని తీసుకున్నాను. అంకెలు నేను ఎంచుకున్నవే అయినా ఇలాంటి ఊళ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ట్యాంకు దగ్గరా, కుళాయి దగ్గరా?

కుళాయి దగ్గర. అందులోనూ అన్నిటికంటే కష్టంగా నీళ్లు చేరే కుళాయి దగ్గర. చాలా నోట్లు "12 మీటర్ల ఎత్తున ట్యాంకు" అని మొదటి పేజీలోనే తేల్చేసి, ఆ తర్వాత పైపులను దానికి సరిపెడతాయి. అది తలకిందుల పద్ధతి. చివరి ఇంట్లో ఎంత పీడనం కావాలో ముందు నిర్ణయించుకోవాలి. అక్కడినుంచి పైపు వెంట వెనక్కి నడుస్తూ దారిలో రాపిడికి పోయే నీటి ఎత్తును, అంటే హెడ్‌ను, కలుపుకుంటూ వస్తే ట్యాంకు ఎత్తు దానంతట అదే తేలుతుంది.

మన నమూనా గ్రామం ఎలా ఉంది?

ట్యాంకు కట్టే చోట నేల మట్టం 104.0 మీటర్లు. అక్కడినుంచి 300 మీటర్ల దూరంలో రచ్చబండ, మట్టం 102.5. మరో 350 మీటర్లు వెళ్తే చెరువు వీధి, 101.0. ఊళ్లో పల్లపు చోటు ఇదే. అక్కడినుంచి ఇంకో 400 మీటర్లకు కొత్త కాలనీ. ఇళ్ల స్థలాలు ఇచ్చిన మెరక అది, మట్టం 103.2.

కాలనీ ట్యాంకుకు అన్నిటికంటే దూరం. పైగా చెరువు వీధికంటే రెండు మీటర్లకు పైగా ఎత్తు. మన ఊళ్లలో కొత్త కాలనీలు చాలావరకు ఇలాంటి చోటే వస్తాయి: ఊరి చివర, ఖాళీగా ఉన్న మెరక మీద. అందుకే నీటి గురించిన ఫిర్యాదు మొదట అక్కడినుంచే వస్తుంది.

ఈ మట్టాలను లెవల్ పరికరం పెట్టి కొలవాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక ఊళ్లో, చూపుకు చదునుగా ఉందని చివరి వీధి మట్టాన్ని అంచనాగా రాశాను. పైపులు పూడ్చాక కొలిస్తే ఆ వీధి నేను రాసినదానికంటే దాదాపు రెండు మీటర్లు ఎత్తున ఉంది. ఆ వీధిలోని మేడ మీద కుళాయిలకు నీళ్లు ఎక్కలేదు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి నా నోటులో కొలవని మట్టం ఒక్కటి కూడా పెట్టలేదు.

తలకు ఎన్ని లీటర్లు తీసుకోవాలి?

జల్ జీవన్ మిషన్ గ్రామాలకు పెట్టిన కనీస కొలత రోజుకు తలకు 55 లీటర్లు. తెలంగాణలో మిషన్ భగీరథ గ్రామాలకు 100 లీటర్లు తీసుకుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు 135 లీటర్లు. డ్రైనేజీ లేకుండా పైపు నీళ్లు ఉన్న ఊళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్ఈఈఓ 1999లో తెచ్చిన నీటి సరఫరా మాన్యువల్ 70 లీటర్లు చెబుతుంది. మన గ్రామానికి నేను ఈ 70 తీసుకున్నాను.

జనాభా ఇప్పటిది కాదు, పథకం చివరి ఏటి అంచనా. పైపులకు 30 ఏళ్లు లెక్క వేస్తారు. మన ఊరికి అది 4,000 మంది అనుకుందాం. ఇళ్లలో వాడే నీళ్లు రోజుకు 2,80,000 లీటర్లు.

లీకేజీల కింద 15 శాతం కలిపితే సరిపోతుందా?

కలపడం కాదు, భాగించాలి. నూటికి 15 లీటర్లు దారిలో పోతే ఇంటికి చేరేది 85. కాబట్టి 2,80,000ను 0.85తో భాగించాలి. దాదాపు 3,30,000 లీటర్లు వస్తుంది. ఊరికే 15 శాతం కలిపితే 3,22,000 దగ్గర ఆగిపోతాం. తేడా చిన్నదే, కానీ అది ప్రతి రోజూ ఉండే తేడా.

రోజంతా సమానంగా పారితే సెకనుకు 3.82 లీటర్లు. ఇది సగటు ప్రవాహం.

పీక్ ఫ్యాక్టర్ 3 అంటే అసలు అర్థం ఏమిటి?

అందరూ ఒకేసారి నీళ్లు పట్టే జోరు వేళ కోసం, యాభై వేల లోపు జనాభాకు సగటును మూడింతలు చేయమని మాన్యువల్ చెబుతుంది. మన ఊరికి సెకనుకు 11.5 లీటర్లు. నోట్లన్నీ ఈ అంకె వేసి ముందుకు వెళ్లిపోతాయి. కానీ ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

సగటుకు మూడింతలు పారితే రోజు నీళ్లన్నీ ఎన్ని గంటల్లో అయిపోతాయి? ఇరవై నాలుగును మూడుతో భాగించండి: ఎనిమిది గంటలు. అంటే ఫ్యాక్టర్ 3 వేసిన నెట్‌వర్క్ రోజుకు కనీసం 8 గంటలు నీళ్లు వదిలే ఊరికి సరిపోతుంది. మీ ఊళ్లో వాల్వు తిప్పే మనిషి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే వదిలితే అదే నీరు సగం సమయంలో పోవాలి. ప్రవాహం రెట్టింపై సెకనుకు 23 లీటర్లు అవుతుంది. అప్పుడు ఫ్యాక్టర్ 3 కాదు, 6. మాన్యువల్‌లో ఉన్న అంకెను నోటులో రాసినంత మాత్రాన ఊళ్లో గంటలు మారవు. దీని ఫలితం ఏమిటో కిందికి వెళ్లాక చూద్దాం.

కుళాయి దగ్గర ఎంత పీడనం ఉండాలి?

పీడనాన్ని నీటి స్తంభం ఎత్తుగా, మీటర్లలో చెప్పుకుంటాం. పది మీటర్లంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్లు మిగలాలని 1999 మాన్యువల్ చెబుతుంది. ఇప్పుడు పల్లెల్లో కూడా మేడలు మామూలే కాబట్టి మన గ్రామానికి 12 మీటర్లు పెట్టుకున్నాను.

ఎక్కువ ఉన్నా ఇబ్బందే. మామూలుగా 22 మీటర్లు దాటకుండా చూసుకోవాలి. పీడనం పెరిగేకొద్దీ లీకేజీ పెరుగుతుంది, బిగింపులు కూడా తరచుగా పోతాయి.

పైపు సైజు ఎలా తేలుస్తారు?

ముందు ఏ ముక్కలో ఎంత నీరు పారుతుందో రాసుకోవాలి. ఒక వీధి వాడకాన్ని సగం ఈ కూడలికి, సగం ఆ కూడలికి పంచడం పద్ధతి. అలా పంచితే రచ్చబండ దగ్గర సెకనుకు 4.5 లీటర్లు, చెరువు వీధి దగ్గర 4.0, కాలనీలో 3.0 దిగుతాయి అనుకుందాం. అప్పుడు ట్యాంకు నుంచి రచ్చబండకు 11.5, రచ్చబండ నుంచి చెరువు వీధికి 7.0, అక్కడినుంచి కాలనీకి 3.0 లీటర్లు పారతాయి.

హెడ్ లాస్‌కు హేజెన్-విలియమ్స్ సూత్రం వాడతాం:

```
h = 10.67 × L × Q^1.852 / (C^1.852 × D^4.87)
```

ఇందులో L, D మీటర్లలో, Q సెకనుకు ఘనపు మీటర్లలో ఉండాలి. C పైపు లోపలి నునుపును తెలిపే అంకె. కొత్త హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపుకు ఇంకా ఎక్కువే ఉంటుంది, కానీ వయసు మీద పడుతుంది కనుక నేను 140 తీసుకున్నాను.

పైపులు పీఈ 100, పీఎన్ 10 రకం హెచ్‌డీపీఈవి. పీఎన్ 10 అంటే 10 బార్ల పీడనం తట్టుకునేవి. మొదటి ముక్కకు 160 మిల్లీమీటర్ల పైపు వేస్తే పోయే హెడ్ 1.21 మీటర్లు. రెండో ముక్కకు 140 పైపు, 1.09 మీటర్లు. కాలనీ ముక్కకు 110 పైపు, 0.83 మీటర్లు. మొత్తం 3.13. వాల్వులకు, వంపులకు పది శాతం కలిపితే 3.44 మీటర్లు.

పైపు మీద 110 అని ఉంది కదా. లెక్కలో 110 వేస్తే తప్పేమిటి?

హెచ్‌డీపీఈ పైపు మీద అచ్చువేసేది బయటి వ్యాసం. పీఎన్ 10 రకంలో 110 పైపు లోపల నీటికి దొరికే దారి సుమారు 97 మిల్లీమీటర్లే. 140కి 123, 160కి 141.

పదమూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ సూత్రంలో వ్యాసానికి ఘాతం 4.87. కాలనీ ముక్కలో 110 అని వేసి లెక్కకడితే హెడ్ లాస్ 0.45 మీటర్లు వస్తుంది. నిజానికి పోయేది 0.83. దాదాపు సగం నష్టం కాగితం మీదినుంచి మాయమైపోయింది. నా దగ్గరకు వచ్చే నోట్లలో నేను మొట్టమొదట వెతికే తప్పు ఇదే. డక్టైల్ ఐరన్ పైపుల అలవాటుతో హెచ్‌డీపీఈకి వచ్చినవారు ఎక్కువగా ఇందులో పడతారు, ఎందుకంటే ఆ పైపుల్లో చెప్పే సైజు లోపలి వ్యాసానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ట్యాంకు ఎత్తు ఎంత?

కాలనీ నేల మట్టం 103.2. దానికి 12 కలిపితే 115.2. దారిలో పోయే 3.44 కలిపితే 118.64. ట్యాంకులో నీరు అడుగంటినప్పుడు కూడా నీటి మట్టం ఇంతకు తగ్గకూడదు. ట్యాంకు దగ్గర నేల 104.0 కాబట్టి స్టేజింగ్, అంటే నేలనుంచి ట్యాంకు అడుగు దాకా ఉండాల్సిన ఎత్తు, 14.64 మీటర్లు. దాన్ని 15 మీటర్లు చేద్దాం. కనిష్ఠ నీటి మట్టం 119.0 అవుతుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పటి మట్టంతో ఈ లెక్క చేయకండి. పొద్దున వాడకం జోరుగా ఉన్నప్పుడే ట్యాంకు ఖాళీ అవుతూ ఉంటుంది. నిండు మట్టం అవసరమయ్యేది గరిష్ఠ పీడనం చూసుకోవడానికి. ట్యాంకులో నీటి లోతు 3 మీటర్లైతే నిండు మట్టం 122. పల్లంలో ఉన్న చెరువు వీధిలో రాత్రి అందరూ కుళాయిలు కట్టేసినప్పుడు 21 మీటర్లు నిలుస్తుంది. 22 లోపే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంత పద్ధతిగా చేసినా కాలనీకి నీళ్లు ఎందుకు ఎక్కడం లేదు?

పైన చెప్పిన నాలుగు గంటల సంగతి ఇక్కడ బయటపడుతుంది. ప్రవాహం రెట్టింపైతే హెడ్ లాస్ రెట్టింపు కాదు, 3.6 రెట్లవుతుంది. 3.44 మీటర్లు కాస్తా 12.4 అవుతుంది. 119.0 నుంచి 12.4 తీసేస్తే కాలనీ దగ్గర 106.6. నేల 103.2. మిగిలింది 3.4 మీటర్లు. మేడ సంగతి అటుంచి, కింది కుళాయిలో కూడా బిందె నిదానంగా నిండుతుంది.

అదే సమయంలో రచ్చబండ దగ్గర 11.7 మీటర్లు ఉంటుంది. అక్కడి కుళాయిలు జోరుగా పారుతూ లెక్కలో తమకు రాసిన వాటాకంటే ఎక్కువ లాగేసుకుంటాయి. అందువల్ల కాలనీ పరిస్థితి 3.4 కంటే కూడా దిగజారుతుంది. అప్పుడు కాలనీ వాళ్లు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. ఆ మోటారు పైపులో పీడనాన్ని సున్నా కంటే కిందికి లాగితే, అతుకుల దగ్గర బయట నిలిచిన మురుగు లోపలికి వస్తుంది. మోటారు పెట్టినవాళ్లను తిట్టడం తేలిక. కానీ ఆ మోటారును వాళ్ల చేతికిచ్చింది మన నోటులో ఎనిమిది గంటలని ఊహించుకున్న అంకె.

దీన్ని సరిచేయడం ఎలా?

మొదటి దారి, డిజైన్ దశలోనే నిజమైన గంటలు అడిగి తెలుసుకుని దాని ప్రకారం ఫ్యాక్టర్ వేయడం. రెట్టింపు ప్రవాహానికి అదే హెడ్ లాస్ ఉండాలంటే లోపలి వ్యాసం 1.3 రెట్లు కావాలి. మన ఊరికి 160, 140, 110 పైపుల బదులు 225, 180, 140 వేయాల్సి వస్తుంది. అలా వేస్తే నష్టం 3.23 మీటర్లకే పరిమితం అవుతుంది.

రెండో దారి, పైపులు పూడ్చేసిన ఊళ్లకు. చెరువు వీధి దాటాక కాలనీ పైపు మీద ఒక వాల్వు, రచ్చబండ, చెరువు వీధి కొమ్మల మీద వాల్వులు పెట్టి ఊరిని రెండు జోన్లు చేయండి. ఒక్కో జోన్‌కు నాలుగు గంటలే, కానీ వేర్వేరు వేళల్లో. కాలనీకి ఒక్కదానికే వదిలినప్పుడు సెకనుకు 6 లీటర్లు పారుతాయి. కాలనీ ముక్కలో నష్టం పెరిగి 2.99 మీటర్లవుతుంది, కానీ మొదటి ముక్కలో 0.36కు పడిపోతుంది. మధ్య ముక్కలో 0.82. పది శాతం కలిపినా మొత్తం 4.6. కాలనీలో మిగిలే పీడనం 11.2 మీటర్లు. ఒక్క పైపు కూడా మార్చకుండానే 3.4 నుంచి 11.2కు వచ్చాం.

మిగతా జోన్‌లో 17 లీటర్లు పారినా చెరువు వీధికి 13.7 మీటర్లు ఉంటుంది. ఇందులో ఉన్న కష్టం ఒక్కటే: వాల్వు తిప్పే మనిషి రోజూ వేళ తప్పకుండా తిప్పాలి. ఆ మనిషికి జీతం సక్రమంగా అందేలా చూడటం కూడా ఈ డిజైన్‌లో భాగమేనని నా అభిప్రాయం.

పైపు తగ్గించి ట్యాంకు ఎత్తు పెంచితే ఖర్చు తగ్గదా?

కాలనీ ముక్కకు 110 బదులు 90 పైపు వేస్తే అక్కడ నష్టం 0.83 నుంచి 2.25కు పెరుగుతుంది. ఆ మేరకు ట్యాంకును ఒకటిన్నర మీటర్లు ఎత్తాలి. పైపు డబ్బు ఒకసారి మిగులుతుంది. కానీ రోజూ 3,30,000 లీటర్లను ఆ ఒకటిన్నర మీటర్లు అదనంగా ఎత్తాలి. మోటారు, పంపు కలిపి సామర్థ్యం 50 శాతం అనుకుంటే రోజుకు 2.7 యూనిట్లు, ఏడాదికి వెయ్యి యూనిట్ల దాకా. ఊరంతటి నీటిని చివరి 400 మీటర్ల పైపు కోసం పైకి మోయడం ఇది. చివరి ముక్కను సన్నం చేయడానికి నేను ఒప్పుకోను.

ట్యాంకు ఎన్ని లీటర్లు పట్టాలి?

రోజు వాడకంలో మూడో వంతు అని చాలామంది వేసేస్తారు. దానికంటే గంటగంటకూ జమాఖర్చు వేసుకోవడం మంచిది. పొద్దున 6 నుంచి 10 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు నీళ్లు వదులుతారు, ఒక్కో పూటకు 1,65,000 లీటర్లు అనుకుందాం. పంపు గంటకు 30,000 లీటర్లు పోస్తుంది, అంటే రోజుకు 11 గంటలు నడవాలి.

పంపును తెల్లవారుజామున 4 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఏకబిగిన నడిపితే, 3 గంటలకు ట్యాంకులో 1,65,000 లీటర్లు పేరుకుంటాయి. ట్యాంకు అంతా పట్టాలి. అదే పంపును పొద్దున 4 నుంచి 10, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 8 వరకు నడిపితే, నిల్వ ఎప్పుడూ 60,000 దాటదు, ఎందుకంటే పోస్తున్నప్పుడే వాడకం కూడా జరుగుతోంది. పంపు వేళ మార్చినందుకు నిల్వ అవసరం సగం కంటే తగ్గింది. కరెంటు పోయినా, మోటారు కాలినా ఆదుకోవడానికి ఇంకో 60,000 కలిపి 1,20,000 లీటర్ల ట్యాంకు పెట్టాను. లోతు 3 మీటర్లైతే వ్యాసం సుమారు 7.1 మీటర్లు.

ఎపానెట్‌లో చేస్తే ఈ చేతి లెక్కలు అవసరమా?

ఎపానెట్ పైపుల్లో ప్రవాహాన్ని, పీడనాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. లూపులున్న నెట్‌వర్క్‌కు దాన్ని వాడాల్సిందే. అది ఉచితం కూడా. కానీ అది ఇచ్చిన జవాబును పోల్చుకోవడానికి ఒక్క దారినైనా చేత్తో లెక్క చేసి పెట్టుకోండి. మన పైపులను అందులో ఇలా రాస్తారు, వ్యాసం లోపలిదే. T1 ట్యాంకు, RB రచ్చబండ, CV చెరువు వీధి, KC కొత్త కాలనీ:

```
[PIPES]
;ID  Node1  Node2  Length  Diameter  Roughness
P1   T1     RB     300     141       140
P2   RB     CV     350     123       140
P3   CV     KC     400     97        140
```

ఒక హెచ్చరిక. మామూలు పద్ధతిలో అది కుళాయికి రాసిన నీరు ఎలాగైనా అందుతుందనే అనుకుంటుంది, పీడనం మైనస్‌లోకి పోయినా సరే. 2020లో వచ్చిన 2.2 వెర్షన్‌లో `Demand Model` దగ్గర `PDA` ఎంచుకుని, `Required Pressure` దగ్గర మనకు కావలసిన పీడనం రాస్తే, పీడనం అంతకంటే తగ్గేకొద్దీ కుళాయికి వచ్చే నీరు కూడా తగ్గుతుంది. రోజులో కొన్ని గంటలే నీళ్లిచ్చే ఊళ్లకు అదే నిజానికి దగ్గర.

పని పూర్తయ్యాక పీడనం సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

కాలనీలో చివరి కుళాయికి ప్రెషర్ గేజి పెట్టి, ఊరంతా నీళ్లు పట్టుకుంటున్న వేళ చూడాలి. రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక చూస్తే మన కాలనీలో ట్యాంకు నిండినప్పుడు 18.8 మీటర్లు చూపిస్తుంది. పొద్దున ఏడు గంటలకు అదే కుళాయిలో 3.4 ఉండొచ్చు. పారకుండా నిలిచిన నీరు హెడ్ కోల్పోదు. అందుకే ప్రారంభోత్సవం నాడు, ఎవరూ నీళ్లు పట్టని వేళ తీసిన రీడింగు ఏమీ రుజువు చేయదు.

గేజి లేకపోతే తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టం చాలు. ఒక చివర కుళాయికి గట్టిగా బిగించి, రెండో చివరను మేడ మీదికి పట్టుకెళ్లి మెల్లగా పైకెత్తండి. గొట్టంలో నీరు ఎక్కడ ఆగిందో నేలనుంచి టేపుతో కొలిస్తే అదే ఆ క్షణాన అక్కడున్న పీడనం. ఒక ఊళ్లో పంచాయతీ సభ్యురాలు ఒకామె ఇలా మూడు వీధుల్లో పొద్దున్నే కొలిచి, నోటుబుక్కులో రాసుకుని వచ్చి నా ముందు పెట్టారు. నా డిజైన్ నోటులో ఉన్న పీడనాలకంటే ఆవిడ రాసిన అంకెలే నిజం. ఆ ఊరికి జోన్ల వాల్వులు ఆ కాగితం చూసే పెట్టాం.

పైపు చివర ఇంకేమైనా పెట్టాలా?

మడ్డి కడిగే వాల్వు పెట్టాలి. కాలనీ ముక్కలో జోరు వేళ కూడా నీటి వేగం సెకనుకు 0.4 మీటర్లే, కాబట్టి సన్నని మట్టి అడుగున పేరుకుంటుంది. ఆ వాల్వు తెరిచి నెలకోసారి కడగాలి. కడిగిన రోజే చివరి ఇంటి కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉందో లేదో చూసుకోవాలి.